బ్యాటు–బంతి లెక్క: ముందు తట్టే తప్పు జవాబు, దాన్ని పట్టే తనిఖీ

ఒక బ్యాటు, ఒక బంతి కలిపి 1 డాలరు 10 సెంట్లు. బంతి కన్నా బ్యాటు ధర ఒక డాలరు ఎక్కువ. అయితే బంతి ధర ఎంత?

ఈ ప్రశ్న చదివిన వాళ్లలో చాలామందికి చదవడం పూర్తయ్యేలోపే 10 సెంట్లు అన్న జవాబు తడుతుంది. అది తప్పు. బంతి 10 సెంట్లయితే, దానికన్నా డాలరు ఎక్కువైన బ్యాటు 1 డాలరు 10 సెంట్లు అవుతుంది. రెండూ కలిపితే 1 డాలరు 20 సెంట్లు. ప్రశ్నలో ఉన్నది 1 డాలరు 10 సెంట్లే. సరైన జవాబు 5 సెంట్లు. బ్యాటు 1 డాలరు 5 సెంట్లు, మొత్తం 1 డాలరు 10 సెంట్లు, తేడా కచ్చితంగా ఒక డాలరు.

మనస్తత్వ శాస్త్రంలోనూ, మనుషులు నిర్ణయాలెలా తీసుకుంటారో చూసే అర్థశాస్త్రంలోనూ గత పాతికేళ్లలో ఇంతగా చర్చకు వచ్చిన లెక్కలు అరుదు. ఈ రకం ప్రశ్నలకు ఉమ్మడి లక్షణం ఒకటుంది. లెక్క కష్టమైనది కాదు, ఏడో తరగతి పిల్లలు చేయగలిగిందే. కానీ సరైన జవాబు కన్నా ముందు ఒక తప్పు జవాబు, ఎంతో సహజంగా, ఏ సందేహమూ కలిగించకుండా ఎదురొస్తుంది. మామూలు కష్టమైన లెక్క దగ్గర మనిషి ఆగిపోతాడు, తనకు రాదని అతనికి తెలుస్తుంది. ఇక్కడ అలా ఆగడు. లెక్క అయిపోయిందనే అనుకుంటాడు.

10 ఎక్కడి నుంచి వస్తుంది

ప్రశ్నలో రెండు అంకెలున్నాయి: 1.10, 1.00. మొదటిదాన్ని చూడగానే అది ఒక డాలరుగా, పది సెంట్లుగా విడిపోతుంది. ఒక డాలరు అన్న మాట ప్రశ్నలో ఎటూ ఉంది, మిగిలింది పది. బ్యాటు బంతికన్నా ఖరీదైనదన్నది కూడా సబబే, అందుకని డాలరు బ్యాటుకు, పది బంతికి. ఈ పంపకంలో జారిపోయింది ఒకటే మాట, “కన్నా ఎక్కువ”. “బంతి కన్నా బ్యాటు డాలరు ఎక్కువ” అన్న వాక్యం మనసులో “బ్యాటు ధర డాలరు” అన్న తేలిక వాక్యంగా మారిపోయింది. తేడా చెప్పిన అంకెను ధరగా తీసుకున్నాం. అడిగిన ప్రశ్న స్థానంలో దానికి పొరుగున ఉన్న సులువు ప్రశ్నను పెట్టుకుని దానికి జవాబు చెప్పడాన్ని పరిశోధకులు డేనియల్ కానెమన్, షేన్ ఫ్రెడరిక్ ఒక సాధారణ మానసిక ప్రక్రియగా వర్ణించారు. మనిషికి అలా మార్చుకున్నానన్న స్పృహ ఉండదు. మార్చుకున్న ప్రశ్నకు మాత్రం జవాబు తప్పు కాదు, అందుకే అంత నమ్మకంగా అనిపిస్తుంది.

అంకెల పాత్ర ఎంతటిదో తెలుసుకోవడానికి ఫ్రెడరిక్ చూపిన మరో లెక్క ఉంది. ఒక అరటిపండు, బేగెల్ అనే ఒక రొట్టె కలిపి 37 సెంట్లు. రొట్టె కన్నా అరటిపండు 13 సెంట్లు ఎక్కువ. రొట్టె ధర ఎంత? నిర్మాణం అచ్చంగా అదే. అంకెలు మాత్రం మొండివి. 37 తనంతట తాను 13గా, 24గా విడిపోదు, తీసివేత చేయాలి. చేయడానికి కాగితం తీసుకున్న మనిషి పనిలో దిగాడు కాబట్టి షరతును మళ్లీ చదువుతాడు. బ్యాటు–బంతి లెక్కలో తప్పిన వాళ్లకన్నా ఈ లెక్కలో తప్పిన వాళ్లు బాగా తక్కువ. చూడడానికి కష్టంగా ఉన్న లెక్కే ఎక్కువమందికి సరిగ్గా వచ్చింది. బ్యాటు–బంతి లెక్క జనాన్ని పడగొట్టేది బీజగణితంతో కాదనీ, అంకెల నునుపుతోననీ దీన్నిబట్టి తేలుతుంది.

మన పాత లెక్కల్లో దీని పేరు సంక్రమణం

ఈ లెక్క ఆకారం భారతీయ గణితానికి కొత్త కాదు. రెండు సంఖ్యల మొత్తం, వాటి తేడా ఇచ్చి ఆ సంఖ్యలు కనుక్కోమనడాన్ని మన గణితజ్ఞులు సంక్రమణం అన్నారు. బ్రహ్మగుప్తుడి దగ్గర ఈ పద్ధతి ఉంది. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చిన గణితసారసంగ్రహానికి సంస్కృత మూలం రాసిన మహావీరాచార్యుడి దగ్గరా ఉంది. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు లీలావతిలో దీనికి ఇచ్చిన ఉదాహరణలో మొత్తం 101, తేడా 25.

పద్ధతి ఇదీ. మొత్తంలోంచి తేడా తీసి సగం చేస్తే చిన్న సంఖ్య, మొత్తానికి తేడా కలిపి సగం చేస్తే పెద్ద సంఖ్య. 101లోంచి 25 పోగా 76, సగం 38. 101కి 25 కలిపితే 126, సగం 63. బ్యాటు–బంతికి ఇదే పెడితే 110లోంచి 100 పోగా 10, సగం 5.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాల్సిందొకటి ఉంది. తప్పు జవాబు చెప్పిన మనిషి సంక్రమణంలో మొదటి అడుగు నిజంగానే వేశాడు. 110లోంచి 100 తీసేశాడు. సగం చేయలేదంతే. ఆ 10 ఏమిటో గుర్తిస్తే సగం ఎందుకు చేయాలో తెలుస్తుంది. బ్యాటుకున్న అదనపు డాలరును పక్కన పెట్టేస్తే మిగిలిన 10 సెంట్లు ఒక్క బంతిది కాదు, సమానమైన రెండు వస్తువులది, ఒకటి బంతి, రెండోది అదనం తీసేసిన బ్యాటు. కాబట్టి రెండు వాటాలు. పిల్లలకు ఈ లెక్క చెప్పేటప్పుడు x, y లతో మొదలుపెట్టడం కన్నా ఈ వాటాల దారి మేలని నా అభిప్రాయం. 10 ఎందుకు తప్పో, 5 ఎందుకు ఒప్పో రెండూ ఒకే చోట కనబడతాయి.

మూడు ప్రశ్నల పరీక్ష

కానెమన్, ఫ్రెడరిక్ 2002లో ప్రచురించిన ఒక అధ్యాయంలో బ్యాటు–బంతి లెక్కను వాడారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 93 మందిని అడిగితే 47 మంది, మిషిగన్ విశ్వవిద్యాలయంలో 293 మందిని అడిగితే 164 మంది తప్పు చెప్పారు. అంటే సగం, సగానికి పైన. 2005లో ఫ్రెడరిక్ దీనికి మరో రెండు ప్రశ్నలు చేర్చి ‘కాగ్నిటివ్ రిఫ్లెక్షన్ టెస్ట్’ అన్న పేరుతో ప్రకటించారు. తట్టిన జవాబును ఆపి పరిశీలించే స్వభావాన్ని కొలవడం దాని ఉద్దేశం.

రెండో ప్రశ్న యంత్రాలది. 5 యంత్రాలు 5 నిమిషాల్లో 5 వస్తువులు చేస్తే, 100 యంత్రాలు 100 వస్తువులు చేయడానికి ఎంతసేపు? నోటికొచ్చేది 100, సరైనది 5 నిమిషాలే, ఎందుకంటే ఒక్కో యంత్రం 5 నిమిషాలకు ఒక వస్తువు చేస్తోంది. మూడోది చెరువులో కలువాకులది. ఆకులు పరుచుకున్న మేర రోజుకు రెట్టింపవుతూ 48 రోజులకు చెరువంతా కప్పేస్తే, సగం చెరువు కప్పడానికి ఎన్ని రోజులు? నోటికొచ్చేది 24, సరైనది 47. చివరి రోజు రెట్టింపయి నిండింది కాబట్టి ముందు రోజు సగమే ఉంది.

2003 జనవరి నుంచి 26 నెలలపాటు 3,428 మంది ఈ పరీక్ష రాశారు. మూడుకు సగటు 1.24. మూడూ సరిగ్గా చేసినవాళ్లు 17 శాతం, ఒక్కటీ సరిగ్గా చేయనివాళ్లు 33 శాతం. అమెరికాలో లెక్కలకు, ఇంజినీరింగుకు పెట్టింది పేరైన ఎమ్‌ఐటీ విద్యార్థుల్లో కూడా మూడూ చేసినవాళ్లు 48 శాతమే.

ఈ గణాంకాల కన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఫ్రెడరిక్ 2005 వ్యాసంలోని మరో పరిశీలన. బ్యాటు–బంతి లెక్కను ఎంతమంది సరిగ్గా చేస్తారనుకుంటున్నారని రాసినవాళ్లనే అడిగారు. 10 సెంట్లన్న వాళ్లు సగటున 92 శాతం మంది చేయగలరన్నారు. 5 సెంట్లన్న వాళ్లు 62 శాతమే అన్నారు. తప్పు చేసినవాళ్లకే లెక్క సులువుగా కనిపించింది. సరిగ్గా చేసినవాళ్లకు దారిలో ఆ పది సెంట్ల గుంట కనబడింది, దాన్ని దాటి వచ్చారు, కాబట్టి ఎందరు పడతారో ఊహించగలిగారు.

ఆగితే చాలా?

కానెమన్ 2011లో రాసిన ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’ పుస్తకంతో ఈ లెక్క ప్రపంచమంతటికీ తెలిసింది. వేగంగా, శ్రమ లేకుండా పనిచేసే ఆలోచనకు సిస్టమ్ 1 అనీ, నిదానంగా, శ్రమతో పనిచేసేదానికి సిస్టమ్ 2 అనీ ఆయన వాడిన పేర్లు అంతకుముందు కీత్ స్టానోవిచ్, రిచర్డ్ వెస్ట్ పెట్టినవి. ఆ చిత్రం ప్రకారం సిస్టమ్ 1 పది అంటుంది, బద్ధకించిన సిస్టమ్ 2 దాన్ని పరీక్షించకుండా ఆమోదిస్తుంది. దీన్నుంచి అందరూ తీసుకున్న సలహా, నిదానించమని.

ఈ సలహా సగమే నిజమని తర్వాతి పరిశోధనలు చూపించాయి. మొదట అక్షరాల కథ చెప్పుకోవాలి. 2007లో ఆడమ్ ఆల్టర్, ఆయన సహచరులు ఈ మూడు ప్రశ్నలను 40 మంది ప్రిన్స్‌టన్ విద్యార్థులకిచ్చారు. సగంమందికి స్పష్టమైన అక్షరాల్లో, సగంమందికి చదవడానికి ఇబ్బందిపెట్టే వెలిసిన చిన్న అక్షరాల్లో. స్పష్టంగా చదివినవాళ్లలో 90 శాతం కనీసం ఒక తప్పు చేశారు, కష్టపడి చదివినవాళ్లలో 35 శాతమే. చదువు నెమ్మదిస్తే ఆలోచన మేల్కొంటుందని దీన్ని అర్థం చేసుకున్నారు. ఈ ఫలితం చాలా పుస్తకాల్లోకి ఎక్కింది. 2015లో ఆండ్రూ మెయర్, ఫ్రెడరిక్, మరికొందరు ఇదే ప్రయోగం చేసిన 17 అధ్యయనాలను, ఏడు వేలకు పైగా మనుషుల జవాబులను కలిపి చూశారు. అక్షరాల వల్ల తేడా ఏమీ రాలేదు. నలభైమందితో కనిపించింది ఏడు వేలమందితో కనిపించలేదు. వెలిసిన అక్షరాలు చదువును నెమ్మదింపజేస్తాయేమో కానీ, జారిపోయిన “కన్నా” అన్న మాటను తిరిగి తీసుకురావు.

2023లో మెయర్, ఫ్రెడరిక్ మరింత దూరం వెళ్లారు. 59 అధ్యయనాలు, 72,310 మంది, ముఖ్యంగా బ్యాటు–బంతి లెక్క మీదే. జవాబు 10 సెంట్లు కాదని ముందే చెప్పి చూశారు. మెరుగుదల వచ్చింది కానీ ఆశించినంత కాదు. నేరుగా 5 అని చెప్పి దాన్నే రాయమన్నా కొందరు 10 రాశారు. తమ జవాబును కొట్టిపారేసే చిన్న కూడికను ఎదురుగా పెట్టినా చాలామంది దాన్ని వదులుకోలేదు. తప్పు జవాబు దాదాపుగా సరిపోతున్నట్టు కనిపించినప్పుడు ఈ పట్టుదల మరీ ఎక్కువ. అంటే మనిషి ఆగాడు, ఆలోచించాడు, కానీ ఆ ఆలోచన మొదటి జవాబుకు మద్దతు వెతకడంలోనే గడిచింది. నిదానం ఇచ్చేది సమయమే. ఆ సమయంలో ఏం చేయాలో అది చెప్పదు.

మరో వైపు నుంచి పరిశోధకుడు విమ్ డి నెయ్స్ బృందం చేసిన పని కూడా ఈ చిత్రాన్ని మార్చింది. 2013లో వాళ్లు అసలు ప్రశ్నతో పాటు ఉచ్చులేని ఒక ప్రశ్న కూడా ఇచ్చారు: రెండు వస్తువుల మొత్తం ధర, అందులో ఒకదాని ధర నేరుగా చెప్పి రెండోది అడిగారు. 10 అని తప్పు చెప్పినవాళ్లు కూడా తమ జవాబు మీద ఉచ్చులేని ప్రశ్నలో ఉన్నంత ధీమాగా లేరు. ఏదో తేడాగా ఉందన్న అనుమానం లోపల కలిగింది, దాన్ని పట్టించుకోలేదు. 2019లో బెన్స్ బాగో, డి నెయ్స్ ముందు గడువు పెట్టి, మనసు మీద మరో పని కూడా మోపి, తట్టిన జవాబు చెప్పమన్నారు. తర్వాత తీరిగ్గా రెండోసారి చెప్పమన్నారు. చివరికి సరైన జవాబు చెప్పినవాళ్లలో చాలామంది తొందరలో కూడా సరైనదే చెప్పారు. వాళ్లు నిదానించి తప్పును దిద్దుకున్నవాళ్లు కాదు. మొత్తం, తేడా అన్న ఆకారం వాళ్లకు ముందే అలవాటైపోయి ఉండాలి. ఎస్తర్ బోయ్‌సాన్, ఆమె సహచరులు 2021లో ప్రచురించిన పనిలో, లెక్క ఎక్కడ తప్పుతోందో కొద్దిసేపు విడమరిచి చెప్పగానే చాలామందికి కొత్త అంకెలతో వచ్చిన లెక్కల్లో కూడా వెంటనే తట్టిన జవాబే సరైనదైంది. తట్టే జవాబు పుట్టుకతో స్థిరమైనది కాదనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

ఏ తనిఖీ పట్టుకుంటుంది

10 సెంట్ల జవాబును సరిచూసుకుని చెప్పేవాళ్లూ ఉంటారు. సమస్య అక్కడే ఉంది. బ్యాటు డాలరు, బంతి పది, కలిపితే 1.10, సరిపోయింది. ఈ తనిఖీ ఓడిపోయే వీలే లేదు, ఎందుకంటే 10ని పుట్టించింది ఆ తీసివేతే. ఏ దారిలో జవాబు వచ్చిందో అదే దారిలో వెనక్కి నడిస్తే ఎప్పుడూ బయల్దేరిన చోటికే వస్తాం. ప్రశ్నలో రెండు షరతులున్నాయి, మొత్తం ఒకటి, తేడా రెండోది. జవాబు మొత్తం దగ్గర నెగ్గింది, తేడా దగ్గర అసలు నిలబడలేదు. 1 డాలరుకూ 10 సెంట్లకూ తేడా 90 సెంట్లు.

కాబట్టి పనికొచ్చే తనిఖీ ఇలా ఉంటుంది. జవాబును చేతిలో పట్టుకుని ప్రశ్నను మొదటి మాట నుంచి మళ్లీ చదవాలి. చదివిన ప్రతి షరతు దగ్గరా ఆ జవాబును పెట్టి చూడాలి. ముఖ్యంగా జవాబు కట్టడంలో వాడని షరతు దగ్గర. బ్యాటు–బంతిలో ఆ షరతు తేడా. కలువాకుల్లో రోజూ రెట్టింపు. 24వ రోజుకే సగం నిండితే 25వ రోజుకు చెరువు నిండిపోవాలి, ఇంక 23 రోజులు ఆకులు ఎక్కడ పరుచుకుంటాయి? ఆ ఒక్క ప్రశ్నతో 24 కూలిపోతుంది.

ఇదే నిర్మాణం మన ఇంటి లెక్కల్లోనూ వస్తుంది. 18 శాతం జీఎస్టీ కలిపి ఒక వస్తువు 1,180 రూపాయలు. పన్ను తీసేస్తే అసలు ధర ఎంత? చాలామంది 1,180లో 18 శాతం, అంటే 212 రూపాయల 40 పైసలు తీసేసి, 967 రూపాయల 60 పైసలు అంటారు. బ్యాటు–బంతిలో “కన్నా” జారినట్టే ఇక్కడ “దేని మీద” అన్నది జారింది. పన్ను వేసింది అసలు ధర మీద, బిల్లు మొత్తం మీద కాదు. జవాబును షరతులోకి తిరిగి పంపితే వెంటనే తెలిసిపోతుంది. 967.60 మీద 18 శాతం సుమారు 174.17, కలిపితే 1,141.77. బిల్లులో ఉన్నది 1,180. కాబట్టి అసలు ధర అది కాదు. 1,180ని 1.18తో భాగిస్తే 1,000, దాని మీద 18 శాతం 180, మొత్తం 1,180.

ఈ తనిఖీకీ ఒక హద్దుంది. షరతునే తప్పుగా చదివి ఆ తప్పు చదువును మనసులో స్థిరం చేసుకున్న మనిషి, ప్రశ్న చూడకుండా జ్ఞాపకంతో సరిచూస్తే మళ్లీ అదే జవాబుకు వస్తాడు. “బ్యాటు ధర డాలరు” అని గుర్తుపెట్టుకున్నవాడికి 10 సెంట్లలో తప్పేమీ కనబడదు. అందుకే కంటితో ప్రశ్నను మళ్లీ చదవడం ఈ పద్ధతిలో విడదీయరాని భాగం.

పరీక్షగా దీని పరిమితులు

తట్టిన జవాబును నిలదీసే స్వభావాన్ని కొలవడానికి తయారైనా, ఈ మూడు ప్రశ్నలు లెక్కల నైపుణ్యాన్ని కూడా కొలుస్తాయన్నది గట్టి విమర్శ. అంకెలంటే భయపడే మనిషి తక్కువ మార్కులు తెచ్చుకుంటే అది తొందరా, భయమా చెప్పడం కష్టం. అందుకని కీలా థామ్సన్, డేనియల్ ఒపెన్‌హైమర్ 2016లో లెక్కల బరువు తక్కువగా ఉన్న ప్రశ్నలతో మరో పరీక్ష ప్రతిపాదించారు. పరుగుపందెంలో రెండో స్థానంలో ఉన్నవాణ్ని దాటితే నువ్వు ఏ స్థానంలో ఉంటావన్నది అందులో ఒకటి. మొదటి స్థానం అని నోటికొస్తుంది, నిజానికి రెండో స్థానమే. రెండో ఇబ్బంది, బ్యాటు–బంతి ఇప్పుడు మరీ ప్రసిద్ధం. జవాబు ముందే విన్నవాడు 5 అంటే అది ఆలోచన కాదు, జ్ఞాపకం. మూడు ప్రశ్నల్లో వచ్చిన మార్కును పట్టుకుని ఒక మనిషి తెలివిని తేల్చేయడం తప్పు. ఎమ్‌ఐటీలో సగానికి పైగా విద్యార్థులు కనీసం ఒకటి తప్పారని మర్చిపోకూడదు.

లెక్కలు చెప్పే మాస్టర్లకు ఒక మనవి. మొత్తం, తేడా లెక్క చెప్పినప్పుడు జవాబు కింద రెండు వరుసలు రాయించండి, మొత్తం సరిపోయిందా అని ఒకటి, తేడా సరిపోయిందా అని ఇంకొకటి. 10 సెంట్లు రాసిన పిల్లవాడు మొదటి వరుస దాటిపోతాడు, రెండో వరుసలో 90 అని తన చేత్తోనే రాస్తాడు. ఆ 90ని వాడే చూడనివ్వండి, మీరు ముందుగా చెప్పకండి.